‘చేసినాడు’ తప్పు కాదు: తెలుగు వాచక సంఘానికి, మూల్యాంకన సూచనలు రాసేవారికి బహిరంగ లేఖ

రాష్ట్ర తెలుగు వాచకాలను రూపొందించే సంఘ సభ్యులకు, తెలుగు జవాబుపత్రాల మూల్యాంకన సూచనలు తయారుచేసే పెద్దలకు నమస్కారాలు.

తిరుపతి, చిత్తూరు జిల్లాల పల్లెబడుల్లో చాలాకాలం తెలుగు చెప్పినవాడిగా ఈ లేఖ రాస్తున్నాను. నేను అడగబోయేది పైకి చిన్న విషయంగానే కనిపిస్తుంది. మా పిల్లలు జవాబుపత్రంలో ‘రాముడు అడవికి పోయినాడు’ అని రాస్తే ఆ క్రియ కింద ఎర్రగీత పడుతోంది, పక్కన ‘వెళ్ళాడు’ అన్న సవరణ వస్తోంది, భాషాదోషం కింద మార్కు తగ్గుతోంది. ఇలా దిద్దిన పత్రాలను నేను చాలా చూశాను. ఆ పిల్లవాడు చేసిన తప్పేమిటో ఏ వ్యాకరణాన్ని అడిగినా చెప్పదు. అతను కోస్తా జిల్లాల్లో పుట్టలేదన్నది ఒక్కటే ఆ గీత చెబుతున్న విషయం. మీరు ఈ గీతను గురించి ఆలోచించాలని, దాని వెనక ఉన్న చరిత్రను ఒకసారి తిరిగి చూడాలని కోరుతున్నాను.

ముందుగా ఆ క్రియనే తీసుకుందాం. పుస్తకాల్లో ఒప్పుగా చెలామణీ అయ్యేది ‘చేశాడు’. మా నోట వచ్చేది ‘చేసినాడు’. ఈ రెంటిలో ఏది దేని నుంచి వచ్చిందో భాషాచరిత్ర తెలిసినవారికి సందేహం ఉండదు. ‘చేసిన’ అనే భూతకాల రూపం మీద పురుషప్రత్యయం చేరి ‘చేసినాడు’ అయింది. మధ్యకోస్తా వ్యవహారంలో నడిమి నకారం జారిపోయి, దాని ముందున్న ఇకారం తరువాతి దీర్ఘంలో కలిసిపోయి ‘చేశాడు’ మిగిలింది. సకారం శకారంగా మారడమే ఆ పోయిన ఇకారానికి నేటికీ మిగిలిన ఆనవాలు. కాబట్టి మా పిల్లవాడి రూపం ‘చేశాడు’ చెడిపోగా వచ్చింది కాదు; ‘చేశాడు’ ఏ రూపం నుంచి కుదించుకుపోయిందో ఆ పూర్వరూపమే అది. గ్రాంథిక వచనంలో కూడా ‘చేసినాఁడు’ అరసున్నతో సహా గౌరవంగానే కూర్చుంది. పండితులు ఒకప్పుడు శుద్ధమని ఒప్పుకున్న రూపాన్నే ఈనాడు గ్రామ్యమని కొట్టివేస్తున్నామంటే, మారింది రూపం కాదు, దాన్ని పలికేవారి హోదా.

‘పోయినాడు’ స్థానంలో ‘వెళ్ళాడు’ అని దిద్దడంలో ఇంకొక సంగతి ఉంది. కోస్తా వాడుకలో మనిషిని గురించి ‘పోయాడు’ అంటే చనిపోయాడన్న ధ్వని బలంగా ఉంది గనుక అక్కడివారు ఆ క్రియను తప్పించి ‘వెళ్ళు’ను వాడుకుంటారు. రాయలసీమలో ‘పోవు’కు అటువంటి అశుభచ్ఛాయ ముందుగా తట్టదు, బడికి పోతారు, సంతకు పోతారు, కొండకు పోతారు. ఒక ప్రాంతపు పట్టింపు మరొక ప్రాంతపు పిల్లలకు వ్యాకరణసూత్రంగా అమలవుతోంది.

ఇది ఎలా జరిగింది? ఒక భాషాభేదం ప్రమాణంగా మారే క్రమాన్ని ఐనార్ హౌగెన్ అనే భాషాశాస్త్రవేత్త 1966లో నాలుగు దశలుగా వివరించాడు: ఒక రూపాన్ని ఎంచుకోవడం, దానికి వ్యాకరణం, నిఘంటువు, లేఖన నియమాలు కట్టడం, అన్ని రంగాల అవసరాలకూ సరిపోయేలా దాన్ని విస్తరించడం, చివరగా సమాజం చేత దాన్ని ఒప్పించడం. తెలుగులో ఈ నాలుగూ వరుసగా జరగలేదు గాని, నాలుగూ జరిగాయి.

పందొమ్మిదో శతాబ్దం నడుమ పరవస్తు చిన్నయసూరి వ్యాకరణమూ, నీతిచంద్రికా బడుల్లోకి వచ్చి గ్రాంథికాన్ని పాఠశాలల భాషగా నిలిపాయి. ఆ భాష ఎవరికీ ఇంటిభాష కాదు. 1906 ప్రాంతంలో ఉత్తరాంధ్రలో పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన జె.ఎ. యేట్స్, మాట్లాడే తెలుగుకూ పుస్తకాల తెలుగుకూ ఇంత దూరమెందుకని అడిగాడు. ఆ ప్రశ్న విశాఖపట్నంలో కళాశాల ప్రిన్సిపాల్‌గా ఉన్న పి.టి. శ్రీనివాస అయ్యంగారి ద్వారా గురజాడ అప్పారావుకూ, గిడుగు రామమూర్తికీ చేరింది. 1914లో గురజాడ వాడుకభాషను సమర్థిస్తూ మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం సమర్పించారు. గిడుగు తన జీవితంలో మిగిలిన కాలమంతా ఈ పోరాటానికే ఇచ్చారు. అయినా పాఠ్యపుస్తకాలూ విశ్వవిద్యాలయ పరీక్షలూ వాడుకభాషకు పూర్తిగా తలుపు తెరవడానికి అర్ధశతాబ్దం పైనే పట్టింది.

ఆ పోరాటం కోరింది ‘శిష్ట వ్యావహారికం’. అంటే చదువుకున్నవారు మాట్లాడే భాష. ఏ ప్రాంతపు చదువుకున్నవారు అన్న ప్రశ్న అప్పట్లో గ్రాంథికవాదుల ధాటికి మరుగున పడింది. గురజాడది విజయనగరం, గిడుగుది శ్రీకాకుళం ప్రాంతం. ఉద్యమం పుట్టింది కళింగాంధ్రలో. చివరకు ప్రమాణంగా స్థిరపడింది మాత్రం వారి ఊళ్ళ తెలుగు కూడా కాదు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల విద్యావంతుల తెలుగు. ఈ సంగతి గుర్తించినప్పుడు, ప్రమాణభాషను నిర్ణయించేది వాదనల బలం కాదని స్పష్టమవుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఆ వెంటనే బెజవాడ దగ్గర కృష్ణకూ ఆనకట్ట వచ్చింది. కాలువ నీటితో డెల్టాలో వరి, వరితో మిగులు ధనం, ఆ ధనంతో కళాశాలలూ అచ్చుకూటాలూ పెరిగాయి. మద్రాసుకు వెళ్ళి పత్రికలు నడిపినవారిలో, తరువాత సినిమాలు తీసినవారిలో, వాటికి మాటలు రాసినవారిలో ఆ ప్రాంతంవారే ఎక్కువ. 1948లో విజయవాడకు రేడియో కేంద్రం వచ్చింది. ఆ కాలమంతా కరువుతో, కపిల బావులతో, చెరువు నీటితో సేద్యం చేసుకున్న మా జిల్లాల తెలుగుకు పుస్తకం అచ్చువేసే శక్తి గాని, వెండితెర మీద నాయకుడి నోట పలికే అవకాశం గాని దొరకలేదు. ఎంపిక ఏ సభలోనూ, ఏ ఓటుతోనూ జరగలేదు. అది నీళ్ళతోనూ డబ్బుతోనూ అచ్చుతోనూ జరిగింది.

నేను ఆ ఎంపికను ఇప్పుడు రద్దు చేయమని అడగడం లేదు. ఇచ్ఛాపురం పిల్లవాడూ కుప్పం పిల్లవాడూ ఒకే ప్రశ్నపత్రం చదివి అర్థం చేసుకోవాలంటే ఉమ్మడి రాతభాష ఒకటి కావాలి. ఈ లేఖను నేను ఆ భాషలోనే రాస్తున్నాను, నా విద్యార్థులకు దాన్ని శ్రద్ధగానే నేర్పాను. నా అభ్యంతరం నాలుగో దశ మీద, అంటే సమాజం చేత ఒప్పించే దశ మీద. ఒప్పించే పని ప్రధానంగా బడి చేస్తుంది, బడిలో దాన్ని ఎర్రసిరా చేస్తుంది. పుస్తకభాషను ‘అదనంగా నేర్చుకోవలసిన రూపం’ అని చెప్పి నేర్పవచ్చు. ‘నీ ఇంటి భాష తప్పు’ అని చెప్పీ నేర్పవచ్చు. మనం రెండో దారిని పట్టాం. దాని ఫలితం మా ఊళ్ళలో చదువుకున్న తల్లిదండ్రులే పిల్లల ముందు తమ మాటను మోటని చెప్పుకోవడం. వాళ్ళను ఎవరూ బలవంతపెట్టలేదు, కానీ అందరూ కలిసి ఒప్పించారు.

ఇప్పుడు జవాబుపత్రం దగ్గరకు వస్తాను, ఎందుకంటే మీరు మార్చగలిగింది అక్కడే ఉంది. ఒక పిల్లవాడు ఏడు వాక్యాల కథ రాశాడనుకోండి. అందులో ‘వచ్చినాడు’, ‘చెప్పినాడు’, ‘చేసినాడు’, ‘పోయినాడు’ ఉన్నాయి. అదే పత్రంలో ‘తిన్నాడు’, ‘విన్నాడు’, ‘అన్నాడు’ కూడా ఉన్నాయి. ఎక్కడా ‘తినినాడు’ అని లేదు. అంటే ఆ పిల్లవాడు నియమం తప్పడం లేదు. నకారాంత ధాతువులకు ఒక పద్ధతి, మిగిలినవాటికి మరొక పద్ధతి అని ఎవరూ నేర్పకుండానే ఒక నియమాన్ని పొల్లుపోకుండా పాటిస్తున్నాడు. ‘చదువుతా ఉండాడు’, ‘వస్తా ఉండారు’ అన్నవి కూడా అలాంటివే. పుస్తకంలో ‘-తున్నాడు’ రావలసిన ప్రతిచోటా అవి వరుస తప్పకుండా వస్తాయి. తప్పుకూ మాండలికానికీ తేడా పట్టుకునే గుర్తు ఇదే: తప్పు ఒకచోట వస్తుంది, మరొకచోట రాదు, మాండలిక రూపం రావలసిన ప్రతిచోటా వస్తుంది, ఆ ఊళ్ళో పెద్దలు కూడా అలాగే అంటారు.

దీనికి భిన్నంగా అదే పత్రంలో ‘పిల్లలు వచ్చినాడు’ అని ఉంటే అది తప్పు. చిత్తూరులో గాని మరెక్కడ గాని ఆ మాట ఎవరూ అనరు. కర్తకూ క్రియకూ వచనం కలవలేదు. ‘చెసినాడు’ అని హ్రస్వంతో రాస్తే అది గుణింతపు పొరపాటు, దిద్దాల్సిందే. ఈ మూడు రకాలనూ, అంటే వేరు నియమాన్నీ, వ్యాకరణ దోషాన్నీ, రాతలోని పొరపాటునూ, మూల్యాంకనం ఒకే గీతతో కొట్టివేస్తోంది. పిల్లవాడు ఆ గీతల నుంచి ఏమీ నేర్చుకోలేడు. తన నోటికి వచ్చిన ఏ మాట సరైనదో ఏది కాదో తెలుసుకునే దారి లేక, తక్కువ రాస్తే తక్కువ గీతలు పడతాయన్న ఒక్క పాఠమే నేర్చుకుంటాడు. మా పిల్లలు సొంతమాటల్లో రాయమన్న ప్రశ్నను వదిలేసి, బట్టీపట్టిన జవాబులనే ఎందుకు రాస్తారో తెలియాలంటే ఇక్కడే వెతకాలి.

పలుకుబడికి సంబంధించిన నాలుగో రకం మరింత జాగ్రత్త కోరుతుంది. మా పల్లెల్లో చాలామంది చకారాన్ని చాలాచోట్ల సకారంగా పలుకుతారు: సెప్పు, సేను, సింతసెట్టు. విన్నట్టే రాసే పిల్ల ‘సేను’ అని రాస్తుంది. ఇది లిపికి సంబంధించిన విషయం గనుక ‘చేను’ అని దిద్దడం న్యాయమే. కానీ కారణం చెప్పకుండా ‘స కాదు, చ’ అని కొట్టుకుంటూ పోతే కొన్నాళ్ళకు ఆ పిల్ల ‘సంగటి’ని ‘చంగటి’ అని, ‘సంత’ను ‘చంత’ అని రాస్తుంది. భాషాశాస్త్రం దీన్ని అతిదిద్దుబాటు అంటుంది. తరగతిలో ఇలాంటి రూపాలు కనబడడం మొదలైతే, ఆ తరగతిలో భాషను భయంతో నేర్పుతున్నారని నిశ్చయంగా చెప్పవచ్చు. మన నోట సకారంగా వినిపించే ఫలానా మాటలకు పుస్తకంలో చకారం ఉంటుందని, సంగటి, సంత వంటివాటికి రెండుచోట్లా సకారమేనని రెండు వరుసల్లో పక్కపక్కన రాయించి చూపితే, రెండో మూడో తరగతి పిల్లలు కూడా ఆ సంబంధాన్ని పట్టుకుంటారు. అలా చేయాలంటే వాళ్ళ మాటను తరగతి గోడ మీద రాయడానికి ఉపాధ్యాయుడికి ధైర్యం ఉండాలి. ఆ ధైర్యం పై నుంచి వచ్చే సూచనల్లో ఉండాలి.

పదజాలం సంగతి క్లుప్తంగా చెబుతాను. ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉర్లగడ్డ, టెంకాయ, చెనక్కాయ, అంగడి, మిద్దె, మడక, కయ్య, గెనిమ, జేజి: ఒకటో తరగతికి వచ్చే పిల్లకు తెలిసిన ప్రపంచం ఈ మాటల్లో ఉంది. వాచకంలో బొమ్మ కింద వేరే మాట ఉన్నప్పుడు ఆ పిల్ల అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది, అర్థం మాత్రం తగలదు. దాన్ని మనం చదవడం రాకపోవడం అనుకుంటాం. ఇవి ఎక్కడెక్కడ వాడతారో ఎవరికీ తెలియకపోవడం కాదు సమస్య. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లోనే వ్యవసాయపదాల మాండలిక వృత్తిపదకోశం అచ్చయింది. తెలుగును ఉత్తర, దక్షిణ, తూర్పు, మధ్య మండలాలుగా విభజించి చూపిన పరిశోధన మన దగ్గర ఉంది. అది గ్రంథాలయంలోనే ఉండిపోయింది, ఒకటో తరగతి వాచకం దాకా రాలేదు.

ఇంతవరకు తెలుగు మాట్లాడే పిల్లల గురించే చెప్పాను. మా జిల్లాల్లో ఇల్లు తెలుగు కాని పిల్లలు కూడా ఉన్నారు. ప్రమాణభాష భారం వాళ్ళ మీద రెండింతలు. 1960లో సరిహద్దులు సవరించినప్పుడు అప్పటి చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది, చెంగల్పట్టు వైపు నుంచి సత్యవేడు ప్రాంతపు గ్రామాలు ఆంధ్రకు వచ్చాయి. గీత మారింది గాని ఇళ్ళల్లో భాష మారలేదు. తమిళనాడు 2006లో తెచ్చిన చట్టం వల్ల అక్కడి తెలుగు పిల్లలు తమిళాన్ని తప్పనిసరిగా చదవవలసి వచ్చినప్పుడు మనం బాధపడ్డాం. ఆ బాధ న్యాయమైనదే. అదే బాధ సత్యవేడు, నగరి, కుప్పం ప్రాంతాల తమిళ పిల్లల పట్ల కూడా ఉండాలి.

ఆ పిల్లలు రాసే తెలుగులో వచ్చే పొరపాట్లు గుడ్డిగా వచ్చేవి కావు. తమిళలిపిలో కకార గకారాలకు ఒకటే అక్షరం, పకార బకారాలకు ఒకటే అక్షరం, ఒత్తక్షరాలు లేవు. తమిళం కొద్దిగా చదివివచ్చిన పిల్ల ‘గోపి’ని ‘కోపి’ అని రాస్తే అశ్రద్ధ అనకూడదు. తమిళంలో ఆమె వచ్చిందనడానికి ఒక క్రియారూపం, ఆవు వచ్చిందనడానికి మరొక క్రియారూపం ఉంటాయి. తెలుగులో రెంటికీ ‘వచ్చింది’ ఒక్కటే. అమ్మను గురించీ ఆవును గురించీ ఒకే క్రియ వాడమంటే ఆ పిల్ల తడబడడం సహజం. ఈ రెండు సంగతులు తెలిసిన ఉపాధ్యాయుడు పది నిమిషాల్లో వివరించగలడు. తెలియని ఉపాధ్యాయుడు సంవత్సరమంతా దిద్దుతూనే ఉంటాడు.

తమిళానికి కనీసం లిపి, పుస్తకాలు, పొరుగున ఒక రాష్ట్రం ఉన్నాయి. ఎరుకల పిల్లలకు అవేవీ లేవు. వాళ్ళ ఇంటిభాష ద్రావిడ భాష, తెలుగు కన్నా తమిళానికి దగ్గర. జనగణన పట్టికల్లో దాన్ని తమిళం కింద కలిపి చూపుతారు. అంటే ఆ పిల్ల కాగితం మీద తమిళం కింద లెక్కకు వస్తుంది, బడిలో తెలుగులో చదువుతుంది, తన భాషకు రెండుచోట్లా సొంత స్థానం దొరకదు. నేరస్థ తెగల చట్టం 1952లో రద్దయినా, పోలీసుల అనుమానపు చూపు కింద తరాలుగా బతికిన కుటుంబాలు నలుగురిలో ఆ భాష మాట్లాడకపోవడాన్నే పిల్లలకు నేర్పాయి. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రం గిరిజన పిల్లలకు మాతృభాషతో మొదలయ్యే బహుభాషా విద్యను ఎనిమిది భాషల్లో ప్రారంభించింది: సవర, కువి, కోయ, కొలామి, గోండి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా. ఎరుకల అందులో లేదు.

ప్రతి ఆగస్టు 29న మనం గిడుగు జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. వ్యావహారికం కోసం పోరాడిన అదే మనిషి పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాసి, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పించారు. ఆయనకు ఈ రెండూ వేర్వేరు పనులు కావు. మనం ఆయన పనిలో సగాన్నే వారసత్వంగా తీసుకున్నాం.

ఇక నేను కోరేది. మూల్యాంకన సూచనల్లో ఒక పేజీ చేర్చండి. ‘-ఇనాడు’, ‘-తా ఉండాడు’ వంటి రూపాలూ, ప్రాంతీయ పదాలూ పత్రమంతటా నిలకడగా ఉన్నప్పుడు వాటికి మార్కు తగ్గించరాదని అందులో స్పష్టంగా రాయండి. ప్రమాణరూపాన్నే పరీక్షించదలచిన ప్రశ్న అయితే ఆ మాట ప్రశ్నలోనే చెప్పండి, అప్పుడు కొలవండి. ఒకటి, రెండు తరగతుల్లో పిల్లలు తమ మాటలో రాసింది రాసినట్టు అంగీకరించి, మూడో తరగతి నుంచి పుస్తకరూపాన్ని దాని పక్కనే చూపి పోల్చి నేర్పే పద్ధతిని ఉపాధ్యాయ కరదీపికలో చేర్చండి. సత్యవేడు, నగరి, కుప్పం మండలాల ఉపాధ్యాయులకు తమిళ, తెలుగు భాషల తేడాలపై చిన్న పుస్తకం ఇవ్వండి. కుప్పంలోనే ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది. ఆ పుస్తకం రాయగలవారికి ఈ జిల్లాల్లో కొదవ లేదు. ఎరుకల కుటుంబాలున్న ఊళ్ళలో ఆ భాష తెలిసినవారిని ఒకటో తరగతికి సహాయకులుగా తీసుకోండి. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతి కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం 1956 నుంచే చెబుతోంది.

ఇందువల్ల ప్రమాణాలు పడిపోతాయని మీలో కొందరు అనవచ్చు. నార్వే పార్లమెంటు 1878లోనే ప్రాథమిక పాఠశాలల్లో బోధన వీలైనంతవరకు పిల్లలు మాట్లాడే భాషలోనే ఉండాలని తీర్మానించింది. అక్కడ నేటికీ ఊరికో మాండలికం ఉంది, రాతభాషకూ ఏ లోటూ రాలేదు.

ఒక హద్దు కూడా చెప్పాలి. ‘చిత్తూరు తెలుగు’ అని ఒక్కటి లేదు. పలమనేరు మాట, పుత్తూరు మాట, వెంకటగిరి మాట వేరువేరు. ఒకే ఊళ్ళో కులాన్ని బట్టీ చదువును బట్టీ మాట మారుతుంది. కాబట్టి ‘రాయలసీమ ప్రమాణభాష’ అని మరొకటి తయారుచేయమని నేను అడగడం లేదు. అలా చేస్తే కొత్త ఎర్రగీతలు ఎరుకల వాడల మీదా, యానాదుల గుడిసెల మీదా పడతాయి. ఏ రూపాలను అంగీకరించాలో కేంద్రంలో జాబితా తయారుచేయకుండా, ప్రతి మండలంలో ఆ ఊళ్ళ ఉపాధ్యాయులే పిల్లల మాటలు సేకరించి తమ తరగతికి సరిపడే జాబితా కట్టుకునే వీలు ఇవ్వడం మేలు.

రాబోయే వార్షిక పరీక్షల మూల్యాంకనానికి ముందు ‘చేసినాడు’ అన్న రూపం విషయంలో పరీక్షకులకు మీరు ఏ సూచన ఇవ్వబోతున్నారో రాతపూర్వకంగా ప్రకటించమని కోరుతున్నాను.

ఇట్లు,
తిరుపతి నుంచి ఒక తెలుగు ఉపాధ్యాయుడు